అరిగిన యంత్రం, రేపటి విలువ: బెల్‌మన్ సమీకరణం మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఈ గంటసేపు ఒకే ఒక్క చిన్న లెక్క చేద్దాం. బోర్డు మీద చివరి దాకా చేద్దాం. మార్కోవ్ డెసిషన్ ప్రాసెస్ అనగానే గుర్తులు, సూచికలు కళ్ల ముందుకొచ్చి చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. కానీ రెండు స్థితులున్న ఒక ఉదాహరణను చేత్తో చేసి చూస్తే, అందులో ఏం జరుగుతోందో మొత్తం కనిపిస్తుంది. అందుకే పెద్ద ఉదాహరణ జోలికి వెళ్లడం లేదు.

ఒక యంత్రం ఉందనుకోండి. అది బాగుండొచ్చు, లేదా అరిగిపోయి ఉండొచ్చు. ఈ రెండే దాని స్థితులు. బాగున్నప్పుడు ఒక రోజు నడిపితే 10 పాయింట్ల ప్రతిఫలం వస్తుంది. అలా నడిపాక మర్నాటికి అది బాగానే ఉండే సంభావ్యత సగం, అరిగిపోయే సంభావ్యత సగం. అరిగిన యంత్రాన్నీ నడపొచ్చు, కానీ రోజుకు 3 పాయింట్లే వస్తాయి, పైగా అది అరిగినదిగానే ఉండిపోతుంది. లేదంటే ఆ రోజు యంత్రాన్ని ఆపి మరమ్మతు చేయవచ్చు. అప్పుడు రాబడి లేకపోగా 4 పాయింట్లు ఖర్చవుతాయి, అంటే ప్రతిఫలం −4. కాకపోతే మర్నాటికి యంత్రం తప్పకుండా బాగవుతుంది. బాగున్న యంత్రానికి మరమ్మతు చేయడంలో అర్థం లేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

మన ప్రశ్న ఇది. ఇవాళ పొద్దున్నే వచ్చి చూస్తే యంత్రం అరిగి ఉంది. నడపాలా, మరమ్మతు చేయాలా?

ఇవాళ్టి వరకే చూస్తే సందేహమే లేదు. ఒక పక్క +3, ఇంకో పక్క −4. ఏడు పాయింట్ల తేడా. నడపడమే మేలు. కానీ అలా అనుకునేవాళ్లు రేపు కూడా అదే అనుకుంటారు, ఎల్లుండీ అదే. రోజుకు మూడేసి పాయింట్లతో కాలం గడిచిపోతుంది. ఆ ఏడు పాయింట్లు వదులుకుంటే భవిష్యత్తులో తిరిగి ఎంత వస్తుందో ఒక సంఖ్యగా చెప్పగలిగితే తప్ప ఈ ప్రశ్న తేలదు. బెల్‌మన్ సమీకరణం ఇచ్చేది ఆ సంఖ్యనే.

నేనిప్పుడు చెప్పిన వర్ణనలో నాలుగు సంగతులున్నాయి. స్థితులు, ఒక్కో స్థితిలో చేయగల చర్యలు, ఆ చర్యకు వచ్చే ప్రతిఫలం, మర్నాడు ఏ స్థితికి ఎంత సంభావ్యతతో వెళ్తాం అన్నది. వీటికి తోడు డిస్కౌంట్ అనే ఒక సంఖ్య కూడా కావాలి, దాని సంగతి ఇప్పుడే చెబుతాను. ఇవన్నీ కలిస్తేనే మార్కోవ్ డెసిషన్ ప్రాసెస్. మార్కోవ్ పేరు ఎందుకొచ్చిందంటే, రేపటి సంభావ్యతలు ఇవాళ్టి స్థితి మీద, ఇవాళ చేసిన పని మీద మాత్రమే ఆధారపడతాయని మనం ఒప్పుకున్నాం కాబట్టి. యంత్రం నిన్న ఎలా ఉంది, మొన్న ఏమైంది అన్నది అక్కర్లేదు. ఈ ఒప్పందం వినడానికి చిన్నదిగానే ఉంటుంది కానీ ఆచరణలో లెక్క ఎక్కువగా చెడేది ఇక్కడే. చివర్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇక డిస్కౌంట్. యంత్రం ఎన్నాళ్లు నడుస్తుందో ముందే ఒక తేదీ లేదు. అంతులేకుండా రోజూ వచ్చే ప్రతిఫలాలను ఊరికే కూడితే మొత్తం అనంతమైపోతుంది. రోజుకు 3 వచ్చినా అనంతమే, 10 వచ్చినా అనంతమే, రెంటినీ పోల్చలేం. అందుకని రేపటి ఒక పాయింట్‌ను ఇవాళ్టి 0.8 పాయింట్‌గా లెక్కిద్దాం. ఎల్లుండి పాయింట్ 0.64, ఆ తర్వాతి రోజుది 0.512. ఈ 0.8నే γ అని రాస్తారు, గామా. 1 + 0.8 + 0.64 అంటూ కూడుకుంటూ పోతే మొత్తం 1/(1 − 0.8), అంటే 5 దగ్గర ఆగుతుంది. కాబట్టి అరిగిన యంత్రాన్ని ఎప్పటికీ అలాగే నడిపితే దాని విలువ 3 × 5 = 15. ఈ 15ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ కావాలి.

గామా అంటే నాకు నచ్చిన అర్థం ఇంకొకటుంది. ప్రతి రోజు చివర ఈ పని మొత్తం ఆగిపోయే అవకాశం 20 శాతం, రేపటికి కొనసాగే అవకాశం 80 శాతం అనుకోండి. అప్పుడు డిస్కౌంట్ లేకుండా మామూలుగా కూడినా, సగటున సరిగ్గా ఇదే లెక్క వస్తుంది. సగటున 5 రోజులు నడుస్తుంది, 5 రోజుల ప్రతిఫలం వస్తుంది. గామా అంటే వడ్డీరేటు లాంటిదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి, అదీ నిజమే. కానీ "రేపు అనేది ఉండే అవకాశం ఎంత" అని చూస్తే, ఏ సంఖ్య పెట్టాలో తేల్చుకోవడం సులువవుతుంది.

అరిగిన యంత్రం లెక్క తేలిగ్గా వచ్చింది, ఎందుకంటే అది ఎటూ కదలదు. బాగున్న యంత్రం విలువ ఎంత? ఇవాళ 10. రేపు సగం అవకాశంతో బాగుంటుంది, సగం అవకాశంతో అరుగుతుంది. అరిగితే ఏం చేస్తామన్నది మన ఇష్టం. ఎల్లుండికి కొమ్మలు ఇంకా చీలుతాయి. చెట్టు గీయడం మొదలుపెడితే పది రోజులకే బోర్డు చాలదు.

1950లలో రిచర్డ్ బెల్‌మన్ ఈ చెట్టును మడిచిన తీరు ఎన్నిసార్లు చూసినా నాకు కొత్తగానే ఉంటుంది. రేపు పొద్దున యంత్రం బాగుంటే, అక్కడి నుంచి మొదలయ్యే చెట్టు ఇవాళ్టి చెట్టుకు అచ్చం నకలు. అవే స్థితులు, అవే సంభావ్యతలు, అంతే అంతులేని కాలం. కాబట్టి దాని విలువ కూడా ఇవాళ మనం వెతుకుతున్న విలువే. చెట్టంతా గీయక్కర్లేదు, మొదటి రోజు గీసి, దాని చివర్లలో అదే తెలియని సంఖ్యను రాస్తే చాలు.

బాగున్న స్థితి విలువను x అని, అరిగిన స్థితి విలువను y అని పిలుద్దాం. అప్పుడు,

```
x = 10 + 0.8 (0.5 x + 0.5 y)
y = max( 3 + 0.8 y ,  -4 + 0.8 x )
```

మన యంత్రానికి బెల్‌మన్ సమీకరణం అంటే ఈ రెండు వరుసలే. మొదటిది చెప్పేది, ఇవాళ 10 తీసుకో, దానికి రేపటి సగటు విలువను 0.8తో తగ్గించి కలుపు అని. రెండో దానిలో నడిపితే ఎంత, మరమ్మతు చేస్తే ఎంత అని రెండూ లెక్కగట్టి, పెద్దది తీసుకోమంటోంది. ఏ సమస్యకైనా ఇదే రూపాన్ని ఇలా రాస్తారు:

```
V(s) = max_a [ R(s,a) + γ Σ P(s'|s,a) V(s') ]
```

ఇక్కడ s స్థితి, a చర్య, s' మర్నాటి స్థితి. V అంటే విలువ, R అంటే ప్రతిఫలం, P అంటే సంభావ్యత, Σ అంటే మర్నాటి స్థితులన్నిటికీ లెక్కగట్టి కూడమని. మన రెండు వరుసల్లో ఉన్నదే ఇందులోనూ ఉంది.

ఇందులో ఒక చిక్కుంది. x తెలియాలంటే y కావాలి, y తెలియాలంటే x కావాలి. అది ఒక్కటే అయితే బడిలో చేసిన రెండు సమీకరణాల లెక్కే. కానీ మధ్యలో ఆ max కూర్చుని ఉంది. రెండింటిలో ఏది పెద్దదో తెలిస్తే గానీ లెక్క కదలదు, లెక్క చేస్తే గానీ ఏది పెద్దదో తెలియదు.

దీన్ని విడదీయడానికి 1960లో రోనాల్డ్ హోవర్డ్ చూపిన దారి ఏమిటంటే, ముందు ఏదో ఒక విధానాన్ని పట్టుకో, దాని విలువ కట్టు, తర్వాత ఆ విలువలతోనే దాన్ని ప్రశ్నించు. మనమూ అలాగే చేద్దాం. ముందుగా, అరిగినా సరే నడుపుతూనే ఉంటాం అనే విధానం. y 15 అని ముందే చూశాం. దాన్ని మొదటి వరుసలో పెడితే x = 10 + 0.4x + 6, అంటే 0.6x = 16, x = 26.67.

ఇప్పుడు ప్రశ్నించే వంతు. అరిగిన రోజున ఒక్కసారి మాత్రం మరమ్మతు చేసి, ఆ తర్వాత పాత విధానానికే తిరిగొస్తే ఎంత? −4 + 0.8 × 26.67 = 17.33. పాత పద్ధతిలో 15. ఒక్కసారి తప్పుకుంటేనే లాభం వచ్చిందంటే, ఎప్పుడూ అలా చేయడం ఇంకా మంచిదే కావాలి. విధానం మార్చేద్దాం, అరిగితే మరమ్మతు. అప్పుడు y = −4 + 0.8x. దాన్ని మొదటి వరుసలో పెట్టండి. x = 10 + 0.4x + 0.4(−4 + 0.8x). అన్నీ సర్దితే 0.28x = 8.4, x సరిగ్గా 30, y సరిగ్గా 20.

మళ్లీ ప్రశ్నిద్దాం. అరిగిన రోజున ఒక్కసారి నడిపేస్తే? 3 + 0.8 × 20 = 19. ఇరవై కంటే తక్కువ. ఇక మార్చడానికేమీ లేదు. x = 30, y = 20 పెట్టినప్పుడు ఆ రెండు వరుసలూ max తో సహా సరిగ్గా సరిపోతున్నాయి. ఇవే జవాబులు. మరమ్మతు చేయాలి. ఇవాళ కనిపించిన ఏడు పాయింట్ల నష్టాన్ని రేపటి విలువలోని తేడా తీర్చేస్తోంది. రేపు యంత్రం బాగుంటే 30, లేకపోతే 20, ఆ తేడా 10. దాన్ని 0.8తో తగ్గిస్తే 8. ఎనిమిది లాభం, ఏడు నష్టం. అంటే ఒక్క పాయింట్ తేడాతో గట్టెక్కిన నిర్ణయమిది.

రెండు స్థితులుంటే ఇలా చేత్తో చేయొచ్చు. లక్ష స్థితులుంటే సమీకరణాల గుంపును నేరుగా సాధించడం బరువు. అప్పుడు ఎక్కువగా చేసే పని ఇంకొకటుంది. రెండు విలువలూ సున్నా అనుకుని మొదలుపెట్టి, ఆ సంఖ్యలను సమీకరణం కుడివైపు పెట్టి, ఎడమవైపు వచ్చిన వాటిని మళ్లీ కుడివైపు పెట్టుకుంటూ పోవడమే. దీన్ని వాల్యూ ఇటరేషన్ అంటారు. చేసి చూద్దాం.

మొదటిసారి x = 10, y మాత్రం 3కీ −4కీ మధ్య పోటీ, కాబట్టి 3. రెండోసారి x = 10 + 4 + 1.2 = 15.2. అరిగిన చోట నడిపితే 5.4, మరమ్మతు చేస్తే 4, కాబట్టి y = 5.4. ఇంకా నడపమనే అంటోంది. మూడోసారి x = 18.24. అరిగిన చోట నడిపితే 7.32, మరమ్మతు చేస్తే 8.16. మరమ్మతు ముందుకొచ్చింది! నాలుగోసారి x = 20.56, y = 10.59, మరమ్మతే. అక్కడి నుంచి అది మారదు.

ఈ మలుపు దగ్గర కాస్త ఆగుదాం. సున్నాల నుంచి మొదలుపెట్టి మూడుసార్లు తిప్పడమంటే, సరిగ్గా మూడు రోజులే మిగిలిన యంత్రానికి లెక్క కట్టినట్టు. ఒక్క రోజే ఉంటే మరమ్మతు దండగ. రెండు రోజులున్నా దండగే, బాగుచేసిన యంత్రం నడిచేది ఒక్క రోజే. మూడు రోజులుంటే మాత్రం ఖర్చు తిరిగొస్తుంది. ఇంగితం చెప్పేదీ అదే. లెక్క దానికి హద్దు ఎక్కడో చూపించింది.

ఇంకో సంగతి కూడా గమనించండి. మూడోసారికే సరైన నిర్ణయం దొరికింది కానీ, విలువ అప్పటికి 18.24, అసలు విలువేమో 30. విలువలు ఇంకా ఎంతో దూరంలో ఉండగానే విధానం స్థిరపడింది. ఇలా తరచుగా జరుగుతుంది. నిర్ణయానికి కావాల్సింది తేడాలే కాబట్టి.

మరి ఎప్పుడు ఆపాలి? అసలు జవాబుతో ఉన్న దూరం ప్రతిసారీ కనీసం 0.8 రెట్లకు తగ్గుతుందని నిరూపించవచ్చు. మన లెక్కలో రెండు స్థితుల్లో పెద్ద దూరాన్ని చూస్తే మొదట 30, తర్వాత 20, 14.8, 11.84, 9.44. గామా ఒకటి కంటే తక్కువ కాబట్టే ఈ తగ్గుదల. కానీ అసలు జవాబు మనకు తెలియదు కదా. అందుకని చాలామంది వరుస విలువల మధ్య మార్పు చిన్నదైతే ఆపేస్తారు. అందులో ఒక ఉచ్చు ఉంది. మూడోసారికీ నాలుగోసారికీ మధ్య ఎక్కువ మార్పు 2.43. కాబట్టి తప్పు కూడా రెండుంపావు, రెండున్నర ఉంటుందనుకుంటే మోసపోతాం. నిజమైన తప్పు 9.44. సరైన హామీ ఏమిటంటే, మార్పును γ/(1 − γ) తో గుణించాలి. ఇక్కడది 4. 2.43 × 4 = 9.7, తప్పు దానికి లోపలే ఉంది. గామా 0.99 అయితే ఈ గుణకం 99 అవుతుంది. మార్పు 0.01కి పడిపోయిందని ఆపేస్తే, విలువలో దాదాపు 1 దాకా తప్పు మిగలొచ్చు. ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఆపే హద్దును ఈ లెక్కతో పెట్టుకోండి.

ఇక్కడ ముందు వరుస నుంచి ఒకరు చేయి ఎత్తారు. "గామా 0.8 అని మీరే పెట్టారు కదండీ. వేరే సంఖ్య పెడితే జవాబు మారిపోదా?" అని అడుగుతున్నారు.

మారుతుంది. ఎక్కడ మారుతుందో కూడా చెప్పవచ్చు. ఎప్పుడూ నడిపే విధానంలో, బాగున్న స్థితికీ అరిగిన స్థితికీ విలువలో తేడాను d అందాం. ఇవాళ్టి తేడా 10 − 3 = 7. రేపు ఆ తేడా మిగిలి ఉండే సంభావ్యత సగం. కాబట్టి d = 7 + 0.5γd. మరమ్మతు వల్ల ఇవాళ పోయేది 7, రేపు వచ్చేది γd. మరమ్మతు గెలవాలంటే γd ఏడు కంటే ఎక్కువ కావాలి. సర్దితే γ మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ ఉండాలని వస్తుంది, సుమారు 0.667. గామా 0.5 పెట్టి చూడండి. నడిపితే y = 6, మరమ్మతు చేస్తే 3.67. నడపడమే సరైనది. అది తెలివితక్కువతనమేమీ కాదు. సగటున రెండు రోజులే మిగిలిన యంత్రానికి మరమ్మతు ఎందుకు?

అందుకే గామాను అలవాటు ప్రకారం 0.9 అనో 0.99 అనో రాసేయకండి. పని కొనసాగే కాలం ఎంతో ముందు ఆలోచించండి. ఇంకో పొరపాటు కూడా ఉంది. ఇదే యంత్రాన్ని రోజుకోసారి కాక పూటకోసారి, అంటే రోజుకు రెండుసార్లు చూస్తున్నారనుకోండి. ప్రతిఫలాలను, సంభావ్యతలను పూటకు తగ్గట్టు మార్చి, గామాను మాత్రం 0.8గానే వదిలేస్తారు. అప్పుడు రోజు లెక్కన గామా 0.8 × 0.8 = 0.64 అయిపోయింది. మన 0.667 హద్దుకు కిందికి జారిపోయాం. పూటకు గామా 0.8 వర్గమూలం, అంటే సుమారు 0.894 ఉండాలి.

ఇక మొదట్లో వదిలేసిన మార్కోవ్ ఒప్పందం దగ్గరికొద్దాం. మన లెక్కలో బాగున్న యంత్రం మర్నాటికి అరిగే సంభావ్యత సగం. ఆ సగం ఎక్కడి నుంచి వస్తుంది? నమోదు పుస్తకంలో బాగున్న రోజులన్నీ తీసి, వాటిలో మర్నాడు అరిగినవెన్నో లెక్కిస్తే వస్తుంది. కానీ నిజానికి జరుగుతున్నది ఇలా ఉందనుకోండి. మరమ్మతు చేసిన వెంటనే వచ్చే మొదటి రోజు గండం. ఆ రోజు అరిగే సంభావ్యత 0.8. ఆ రోజు దాటితే యంత్రం కుదురుకుంటుంది, తర్వాత రోజుకు 0.2 మాత్రమే. మరమ్మతు తర్వాతి రోజులు, కుదురుకున్న రోజులు కలిపి లెక్కిస్తే సగటు సరిగ్గా 0.5 వస్తుంది. పట్టికలో ఏ తప్పూ కనిపించదు. బెల్‌మన్ సమీకరణం 30, 20 అనే చెబుతుంది, ధీమాగా.

అసలు విలువ కట్టాలంటే బాగున్న స్థితిని రెండుగా చీల్చాలి. కొత్తగా మరమ్మతైనది ఒకటి, కుదురుకున్నది ఒకటి. మూడు సమీకరణాలు రాసి సాధిస్తే కుదురుకున్న స్థితి విలువ 35.6, కొత్తగా మరమ్మతైన స్థితి విలువ 26.9, అరిగిన స్థితి విలువ 17.5 వస్తాయి. మరమ్మతే ఇప్పటికీ సరైన నిర్ణయం. కానీ ఎప్పుడూ నడుపుతూ పోతే వచ్చే 15తో పోలిస్తే మరమ్మతు వల్ల లాభం 5 అనుకున్నాం, నిజంగా వచ్చేది 2.5. సగమే. మరమ్మతు ఖర్చు ఇంకొంచెం ఎక్కువైతే నిర్ణయమే తప్పేది.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. అదే నమోదు పుస్తకాన్ని మళ్లీ తెరవండి. బాగున్న రోజులను రెండు గుంపులు చేయండి, ముందు రోజు మరమ్మతు జరిగినవి, ముందు రోజు కూడా బాగున్నవి. రెండు గుంపుల్లోనూ మర్నాడు అరిగిన శాతాన్ని విడివిడిగా లెక్కించండి. రెండూ సుమారు సగమైతే మన రెండు స్థితులు చాలు. ఒకటి 80, ఇంకొకటి 20 అయితే నిన్నటి సంగతి రేపటిని శాసిస్తోందన్నమాట, దాన్ని స్థితిలోకి తేవాలి. నమోదులు కొన్నే ఉంటే కొద్దిపాటి తేడా యాదృచ్ఛికమే కావచ్చు, అదీ చూసుకోవాలి.

అలాగని కనిపించినదంతా స్థితిలో చేర్చలేం. యంత్రంలో 10 భాగాలుండి, ఒక్కో భాగానికి 3 దశలుంటే స్థితులు 59,049. వాల్యూ ఇటరేషన్‌కు అది ఇబ్బంది కాదు. 20 భాగాలైతే 348 కోట్లు దాటుతాయి. ప్రతిసారీ వాటన్నిటినీ తిప్పాలి. ఈ పెరుగుదలకు పేరు పెట్టింది కూడా బెల్‌మనే, కర్స్ ఆఫ్ డైమెన్షనాలిటీ అని. అందుకే ఏ సమస్యకైనా నేను సమీకరణం రాయకముందే ఆ గుంపుల లెక్క చేస్తాను. ఒక్కో గత వివరాన్ని తీసుకుని, దాన్ని బట్టి రేపటి శాతాలు మారుతున్నాయా అని చూస్తాను. మారితే అది స్థితిలో ఉంటుంది, మారకపోతే బయటే ఉంటుంది.